కల రాలేదా, వచ్చింది నిలవలేదా?

"కలలు అస్సలు రావంటే మీది గాఢనిద్ర, మనసులో ఏ టెన్షనూ లేదని అర్థం. కలలు కనేవాళ్ళకే నిద్ర సరిగా పట్టదు. కొందరికి పుట్టుకతోనే కలలు రావు, దానికి ఎవరూ ఏమీ చేయలేరు." (వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్)

నేను విజయవాడలో ఒక స్లీప్ ల్యాబులో రాత్రి డ్యూటీ చేస్తాను. నిద్ర పరీక్షకు వచ్చినవాళ్ళ తలకీ, కళ్ళ పక్కనా, గడ్డం కిందా వైర్లు అంటించి పడుకోబెడతాం. నిద్రపట్టిన గంటన్నరకు అటూ ఇటూగా స్క్రీన్ మీద కళ్ళ గీతలు ఉన్నట్టుండి ఎగిరెగిరి పడతాయి, గడ్డం గీత సాపుగా పడుకుంటుంది. అది రెమ్ నిద్ర. కథలా సాగే స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది ఇందులోనే. "కలలా? నాకు రావండీ" అనే మనిషికి కూడా ఈ దశ రాత్రికి నాలుగైదు సార్లు వచ్చిపోతుంది.

దశ వచ్చినంత మాత్రాన కల వచ్చినట్టేనా? న్యాయమైన ప్రశ్నే. 1959లో అమెరికాలో గూడెనఫ్ అనే పరిశోధకుడి బృందం దీన్నే పరీక్షించింది. కలలు రావని చెప్పేవాళ్ళను సరిగ్గా రెమ్ నిద్రలో ఉన్నప్పుడు లేపి అడిగితే, దాదాపు సగం సార్లు కల చెప్పారు. మామూలుగా కలలు గుర్తుండేవాళ్ళు పదింట తొమ్మిది సార్లకు పైగా చెప్పారు. తేడా ఉన్న మాట నిజమే, కానీ మొదటివాళ్ళ లెక్క సున్నా కాదు.

గాఢనిద్ర సంగతికొస్తే, అది అందరికీ రాత్రి మొదటి సగంలో ఎక్కువగా ఉంటుంది. రెమ్ తెల్లవారుజాము వైపు పెరుగుతుంది. ఒకటి ఉంటే రెండోది లేదని కాదు. అసలు కిటుకు జ్ఞాపకంలో ఉంది. రెమ్‌లో మెదడులో నోరడ్రినలిన్ అనే రసాయనం బాగా తగ్గిపోతుంది, అప్పుడు చూసింది నిలవదు. కల మధ్యలోనో చివరలోనో కాస్త మెలకువ వస్తేనే అది గుర్తుండే అవకాశం. 2014లో ఫ్రాన్స్‌లోని లియాన్ పరిశోధకులు చూస్తే, కలలు బాగా గుర్తుండేవాళ్ళు నిద్రపట్టాక రాత్రి మొత్తంలో సగటున అరగంట మెలకువగా ఉన్నారు, గుర్తుండనివాళ్ళు పావుగంట. ఈ చిన్న మెలకువలు జబ్బేమీ కావు. టెన్షన్ ఎక్కువైతే పీడకలలు పెరుగుతాయి, అది నిజం. దాన్ని తిరగేసి, కల గుర్తులేకపోతే మనశ్శాంతి ఉన్నట్టే అనడం మాత్రం తప్పు.

ఇక ఎవరూ ఏమీ చేయలేరని ఆ మెసేజ్ చెప్పిన మాట సంగతి చూద్దాం. మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమస్తా. రాత్రి పదకొండుకు పడుకుని నాలుగున్నరకు అలారంతో లేస్తాడు, కళ్ళు తెరవగానే ఫోన్లో లారీల మెసేజ్‌లు చూస్తాడు. ఇక్కడ రెండు నష్టాలున్నాయి. తెల్లారగట్ల వచ్చే పొడవాటి రెమ్ దశను అలారం కోసేస్తుంది. మిగిలిన తునకను ఫోన్ తుడిచేస్తుంది.

అందుకే కల గుర్తుచేసుకునే ప్రయత్నానికి యార్డు సెలవు రోజు ఎంచుకున్నాం. ముందురోజు పదింటికే పడుకోవాలి, అలారం వద్దు. నిద్రలోకి జారేముందు "లేవగానే కల గుర్తుచేసుకోవాలి" అని అనుకోవాలి. మెలకువ రాగానే కళ్ళు తెరవకూడదు, కదలకూడదు. కథ కోసం వెతకకుండా "ఇప్పుడు మనసులో ఏముంది?" అని చూసుకోవాలి. భయమో, చిరాకో, ఒక రంగో చిక్కితే దాన్ని పట్టుకుని "అంతకుముందు ఏమైంది?" అని వెనక్కి నడవాలి. ఏమీ దొరక్కపోతే, రోజూ పడుకునే రెండో పక్కకు మెల్లగా ఒత్తిగిలి కాసేపు ఆగాలి. తర్వాత దిండు పక్కనున్న కాగితం మీద రెండు మూడు మాటలు రాయాలి.

మొదటిసారి బాబాయి "ఏమీ లేదురా, ఏదో చిరాకు" అన్నాడు. ఆ చిరాకే మొదటి గుర్తు, రాయమన్నాను. తర్వాతి సెలవుకు కాగితం మీద "తడి గోతాలు, మెట్లు, నవ్వు" అని ఉంది. వెనక్కి నడిస్తే ఆ గోతాలు ఇంద్రకీలాద్రి మెట్ల మీద ఉన్నాయి, నవ్వింది చిన్నప్పటి స్నేహితుడు. చాలామంది ఇక్కడే పొరపడతారు: సినిమాలాంటి కథ లేకపోతే కల కాదనుకుంటారు, లేదా టిఫిన్ చేస్తూ ఖాళీలు సొంతంగా పూరిస్తారు. లేచిన వెంటనే రాసిన మాటలే లెక్క.

పని రోజుల్లో అలారం తప్పదు. దాన్ని ఆపి, ఫోన్ బోర్లా పెట్టి, పది ఊపిర్లు తీసేవరకూ అలాగే పడుకోవడం ఒక్కటే బాబాయికి కుదిరింది. కలల కోసం నిద్ర తగ్గించుకోమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

పడుకునేముందు మద్యం తాగితే రాత్రి మొదటి సగంలో రెమ్ అణిగిపోతుంది. డిప్రెషన్‌కు ఇచ్చే మందుల్లో చాలావాటి ప్రభావం కూడా అంతే, అలాగని డాక్టర్ని అడక్కుండా వాటిని ఆపకూడదు. స్ట్రోక్ వల్లో తలకు దెబ్బ తగలడం వల్లో కలలు నిజంగానే ఆగిపోయినవాళ్ళు ఉన్నారు, కానీ అది అరుదు. కలలు రావనే మనిషి నిద్రలో తన్నుతూ, గుద్దుతూ, అరుస్తూ ఉంటే పక్కన పడుకునేవాళ్ళు ఫోన్లో వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి. కలకు తగ్గట్టు ఒళ్ళు కదిలే ఆ జబ్బు, యాభై దాటినవాళ్ళలో, ఏళ్ళ తర్వాత వచ్చే పార్కిన్సన్స్‌కు ముందస్తు సూచన కావచ్చు.