పక్క సీటాయన సంజాయిషీ

మా పక్క సీటాయన సోమవారం చెప్పాపెట్టకుండా డ్యూటీకి ఎగనామం పెట్టాడు. సూర్యాపేటలో మాదో చిన్న జిల్లా ఆఫీసు. సెలవుల రిజిస్టరు రాసే ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు నాది కాబట్టి ఎవరు రాకపోయినా ముందు చెయ్యి పడేది నా టేబుల్ మీదే. పదిన్నర దాటి కాసేపు చూసి హాజరు పట్టిక సార్ గదిలోకి పంపించాం. సార్ ఆ ఖాళీ గడిలో ఎర్ర ఇంకుతో ప్రశ్నార్థకం పెట్టి బెల్లు కొట్టారు.

ఆయన ఒక్క ఫోన్ చేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. చెయ్యలేదు కనుక, ఆయన తరఫున చెప్పే బాధ్యత ఆఫీసులోని దయగల వాళ్లందరూ తలా కొంచెం పంచుకున్నారు. బెల్లు విని లోపలికెళ్లిన అటెండర్, "కలెక్టరేట్‌కి పోయిండు సార్, ఫైలేదో ఉందట" అన్నాడు. కాసేపటికి సంతకాలకు వెళ్లిన టైపిస్టు మేడమ్, సార్ అడగ్గానే, "వాళ్లమ్మగారికి ఒంట్లో బాగా లేదండీ" అన్నారు. మధ్యాహ్నం సూపరింటెండెంట్ గారైతే ఇంకో మెట్టెక్కి, "నాకు చెప్పే వెళ్లాడు సార్, జ్వరం" అని భరోసా ఇచ్చారు. ముగ్గురూ మంచి మనసుతోనే చెప్పారు. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియదు, అంతే.

మంగళవారం ఆయన పదింటికే వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు. టేబుల్ మీద పులిహోర పొట్లం, లడ్డూ కవరు. అసలు సంగతి నా చెవిలో చెప్పాడు.

ఆదివారం హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లో పెళ్లి. తెల్లవారుజామున నాలుగింటికి ఎల్బీ నగర్‌లో బస్సెక్కితే ఏడు గంటలకల్లా సూర్యాపేట, స్నానం, టిఫిన్, ఆఫీసు. ప్లాను బాగానే ఉంది. పెళ్లి భోజనం, రాత్రంతా పేకాట, కిటికీ పక్క సీటు, ఈ మూడూ కలిసి కొంప ముంచాయి. సూర్యాపేట వచ్చిందని కండక్టర్ అరిచాడట. ఈయనకు అది కలలో ఎవర్నో పిలుస్తున్నట్టు వినిపించి, ఎవరో గానీ దిగితే బాగుండు అనుకుని అటు తిరిగి పడుకున్నాడు. కళ్లు తెరిస్తే విజయవాడ బస్టాండు. తొమ్మిదిన్నర.

"వెంటనే ఎదురు బస్సెక్కాల్సింది కదండీ. ఒంటిగంటకైనా వచ్చి పడేవాళ్లు. మీకు సరిగ్గా అరపూట సీఎల్ మిగిలి ఉంది. అతికినట్టు సరిపోయేది" అన్నాను.

"అంత దూరం వెళ్లి అమ్మవారిని చూడకుండా ఎలా వస్తామండీ?" అన్నాడు.

దీనికి జవాబు చెప్పగలిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. కొండ మీదికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి కౌంటర్లో పెట్టాడు. దర్శనమయ్యాక ఫోన్ తీసుకున్నాడు గానీ, అప్పటికి ఆయన మనసు భక్తితో నిండిపోయి ఆఫీసుకు చోటు లేకుండా పోయింది.

ఇక లెటర్ రాయాలి. సీఎల్ అడుగుదామంటే, ఏడాదికి ఇచ్చే 15లో డిసెంబరు నాటికి ఈయనకు మిగిలింది ఆ అరపూటే. పోయింది పూర్తి రోజు. పొద్దున పూట సీఎల్, సాయంత్రం పూట ఈఎల్ అని కలపడానికి రూలు ఒప్పుకోదు. పెడితే రోజు మొత్తానికీ ఈఎల్ పెట్టాలి. ఈఎల్ అంటే మళ్లీ మాటలు కాదు. దానికి మంజూరు ఉత్తర్వు ఉంటుంది, సర్వీసు రిజిస్టర్లో ఎర్రగా ఎంట్రీ పడుతుంది, ముందున్న ఆదివారాన్ని కలుపుకోవడానికి అనుమతి అడగాలి. పైగా ఈఎల్ మన వాళ్లకు ప్రాణం. దాచుకుంటే రిటైరయ్యే నాటికి 300 రోజుల వరకు డబ్బు చేసుకోవచ్చు. "ఒక్క కునుక్కి ఒక రోజు జీతమా!" అని ఆయన లడ్డూ కవరు వైపు దిగులుగా చూశాడు.

"పోనీ కారణం ఏం రాద్దాం?" అన్నాను.

నిజం రాస్తే ఇంకో గోతిలో పడతాం. హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్లేటప్పుడు ముందుగా అనుమతి తీసుకోవాలి. హైదరాబాద్ వెళ్లడానికే తీసుకోలేదు. ఇప్పుడు నిద్రలో కోదాడ దాటి ఏకంగా పక్క రాష్ట్రంలోకి వెళ్లానని చేతులారా రాసిస్తే, బస్సు తీసుకెళ్లింది సార్ అనడానికి ఏ ఫారంలోనూ కాలమ్ లేదు.

అబద్ధం రాద్దామంటే అందులో మూడు రకాలు ముందే ఖర్చయిపోయాయి. ఏది రాసినా మిగతా ఇద్దరూ ఇరుక్కుంటారు. అందుకని ముగ్గురి పరువూ దక్కేలా మా పక్క సీటాయన అరగంట కష్టపడి ఒక చిత్తుప్రతి తయారు చేశాడు. నాకిప్పటికీ కంఠతా వచ్చు.

"అయ్యా, సోమవారం ఉదయం జ్వరంతో బాధపడుతూ కూడా, అత్యవసర ఫైలు నిమిత్తం కలెక్టరేటుకు బయలుదేరిన నేను, మార్గమధ్యంలో మా తల్లిగారి అస్వస్థత గురించి తెలిసి, ఆందోళనలో తమరికి తెలియజేయలేకపోతిని."

చదివి, "మీ అమ్మగారు నిన్న ఎక్కడున్నారు?" అని అడిగాను.

"అదే పెళ్లిలో. పేకాటలో నా డబ్బులన్నీ గెలిచింది ఆవిడే."

ఆ కాగితం చించి చెత్తబుట్టలో వేయించి, "వ్యక్తిగత పని మీద" అని ఒక్క ముక్క రాయించాను. ఇన్నేళ్ల సర్వీసులో నేను చూసిన కారణాల్లో ఎదురు ప్రశ్న తక్కువ పుట్టించేది అదే. ఈఎల్‌కి, ఆదివారం కలుపుకోవడానికి, వెళ్లొచ్చాక అడుగుతున్న హెడ్‌క్వార్టర్స్ అనుమతికి కలిపి ఒకే లెటర్. ఆలస్యంగా తెలియజేస్తున్నందుకు మన్నించగలరని చివర్లో ఒక వాక్యం.

ఆయన లోపలికి వెళ్లాడు. నేను ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. సార్ లెటర్ చదివి మారు మాట్లాడకుండా సంతకం పెట్టేశారు. మా ఇద్దరికీ టెన్షన్ ఇంకా పెరిగింది. ఇంత సులువుగా సంతకం పెట్టే మనిషి కాదాయన.

"ప్రకాశం బ్యారేజీ మీద ఫొటో బాగా వచ్చిందయ్యా" అన్నారు సార్, పెన్ను మూత పెడుతూ. "వెనక నీళ్లు నిండుగా కనిపించాయి."

పక్క సీటాయన నా వైపు చూశాడు, నేను ఫైలు వైపు చూశాను. దర్శనమయ్యాక ఫోన్ తీసుకుని ఆఫీసుకు కాల్ చేయడం మర్చిపోయిన ఈ మహానుభావుడు, వాట్సాప్‌లో స్టేటస్ పెట్టడం మాత్రం మర్చిపోలేదు. సార్‌కి కనబడకుండా జాగ్రత్తగా సెట్టింగు మార్చాడట కూడా. సార్ డ్రైవర్‌ను మాత్రం వదిలేశాడు.

అంటే సోమవారం మధ్యాహ్నానికే సార్‌కి సంగతి తెలుసు. తెలిసే సూపరింటెండెంట్ గారి జ్వరం కథ ఆసాంతం విన్నారు. మధ్యలో "పాపం, ఎంత ఉందట?" అని కూడా అడిగారట. నూట రెండు అని చెప్పారట సూపరింటెండెంట్ గారు.

"సెలవు మంజూరు చేశాను. ఇతనితో నాకు పేచీ లేదు, ఏ అబద్ధమూ చెప్పలేదు కదా" అని సార్ నా వైపు తిరిగారు. "ఆ ముగ్గురికీ మెమోలు టైపు చేయించండి. తప్పుడు సమాచారం ఎందుకిచ్చారో మూడు రోజుల్లో సంజాయిషీ."

టైపు చేయాల్సింది టైపిస్టు మేడమే కనుక మొదటి మెమో ఆవిడే ఆవిడకు కొట్టుకున్నారు. సూపరింటెండెంట్ గారు తన మెమో మీద తనే ఇనిషియల్ వేసి సార్‌కి పుటప్ చేశారు. అటెండర్ ఒక్కడే చలించలేదు. మెమో అందుకుని, వేలిముద్ర వేయాలా సంతకమా అని అడిగి, సంతకం పెట్టి, నేరుగా సార్ గదిలోకి నడిచాడు.

"నేను అబద్ధం ఎక్కడ చెప్పిన సార్? కలెక్టరేట్‌కి పోయిండని చెప్పిన. విజయవాడల కలెక్టరేట్ లేదా?"