నైట్రేటూ నైట్ రేటూ: తేడా గ్యాప్‌లో లేదు

“నైట్రేట్ అన్నా నైట్ రేట్ అన్నా చెవికి ఒకటే. ఇంగ్లీషువాళ్లు రెండు మాటల మధ్య చిన్న గ్యాప్ ఇస్తారు, అంతే తేడా. మీరూ గ్యాప్ ఇచ్చి మాట్లాడండి, సరిపోతుంది.”

నెల్లూరు స్పోకెన్ ఇంగ్లీష్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది.

ముందు గ్యాప్ సంగతి. మామూలు వేగంతో మాట్లాడేవాళ్లు మాటకీ మాటకీ మధ్య ఆగరు. నమ్మకం కుదరకపోతే, ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్ల రికార్డింగును మాటను బొమ్మగా గీసి చూపే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. నైట్రేట్ మధ్యలోనూ, నైట్ రేట్ మధ్యలోనూ నిశ్శబ్దం కనిపిస్తుంది. అది ‘ట్’ కోసం నాలుక గాలిని ఆపిన క్షణం. ఒకే మాటైన నైట్రేట్‌లోనూ అది ఉన్నప్పుడు ఇక దాన్ని మాటల హద్దు అని ఎలా అంటాం?

అసలు గుట్టు ఆ నిశ్శబ్దం తర్వాత ఉంది. నైట్రేట్‌లో ‘ట్’, ‘ర’ కలిసి రెండో అక్షరాన్ని మొదలుపెడతాయి. ‘ట్’ గాలితో విడుస్తుంది, ఆ గాలిలోనే ‘ర’ నాదం పోయి బుసలా వస్తుంది. మన చెవికి ఇంచుమించు ‘చ్రే’లా తగులుతుంది. నైట్ రేట్‌లో ‘ట్’ మొదటి మాటకు చివర. నాలుక పైనే ఆగిపోతుంది, లేదా గొంతు మూసుకుంటుంది. గాలి విడవదు. ఆ వెంటనే ‘ర’ నిండు నాదంతో మొదలవుతుంది. ఇక్కడ ‘ట్’ ముందున్న ‘ఐ’ కూడా కాస్త పొట్టిగా తెగుతుంది. ఇలాంటి జంటలను ఇల్సే లెహిస్తె అనే భాషాశాస్త్రవేత్త యంత్రంతో కొలిచి 1960లోనే పుస్తకం వేశారు, కాబట్టి ఇదేమీ కొత్త విషయం కాదు.

ఇక “చెవికి ఒకటే” అన్న ముక్క. మన నోట్లో అయితే అది చాలావరకు నిజమే. మన ‘ట’ నాలుక మడిచి పలికేది, గాలి లేనిది. ‘ర’ నాలుక కొట్టి పలికేది. ఇంగ్లీషువాళ్లు వెతికే గుర్తులు అందులో ఉండవు. అలాగని మనకు దారి లేదా? రైల్వే స్టేషన్ బయట ఆటో అతను “నైటు రేటు సార్” అంటాడు. రొయ్యల చెరువు నీళ్లు పరీక్షించే ల్యాబులో “నైట్రేటు ఎక్కువుందన్నా” అంటారు. మధ్యలో ఆ ‘ఉ’ పడితే రెండు మాటలు, పడకపోతే ఒకటి. తెలుగులో పని జరిగిపోతుంది.

ఇంగ్లీషులో మాత్రం ‘ట్’ని గట్టిగా విడిచి, ఆగి, ‘రేట్’ అంటే నత్తిలా వినిపిస్తుంది తప్ప సహజంగా ఉండదు. నోటి ముందు అరచెయ్యి పెట్టుకోండి. ‘నై’ అని, వెంటనే ‘ట్రేట్’ అంటే గాలి తగలాలి. ‘నైట్’ దగ్గర నాలుకను విడవకుండా అక్కడి నుంచే ‘రేట్’లోకి జారితే మధ్యలో గాలి తగలకూడదు. గబగబా మాట్లాడేటప్పుడు ఈ గుర్తులు వాళ్ల నోట్లోనూ చెరిగిపోతాయి. అప్పుడు మాట సందర్భాన్ని బట్టే పోల్చుకుంటారు.