ముక్కలుగా కూడితే టోటల్ మారిందా? కుర్రాణ్ణి వదిలేసి కూడికను చూడండి

"పెద్ద ఫైలు టోటల్ వేసేవాళ్లకు ముఖ్య గమనిక. 1) కూడికకు వరసతో పని లేదు, ఎన్ని ముక్కలు చేసి కూడినా టోటల్ ఒక్కటే రావాలి. 2) తేడా వస్తే ఒకే త్రెడ్‌తో మొదటినుంచి చివరిదాకా కూడిన టోటలే అసలుది. 3) డబుల్ పెట్టండి, సమస్య పూర్తిగా పోతుంది. 4) కంప్యూటర్ వేడెక్కినా తప్పు లెక్కలొస్తాయి, ఏసీ గదిలో రన్ చేయండి. 5) పైసలకు రౌండ్ చేసి పోల్చండి. అప్పటికీ కలవకపోతే ఎంట్రీ చేసినవాళ్లు ఏదో మార్చినట్టే. అందరికీ పంపండి."

ఈ మెసేజిని నిజంగానే అందరికీ పంపారు. రొయ్యల గుంటలవాళ్ల గ్రూపులో ఉంది, ఒంగోలు గ్రానైటు వాళ్ల గ్రూపులో ఉంది, కావలిలో సాఫ్ట్‌వేర్ నేర్పేవాళ్ల గ్రూపులో కూడా ఉంది. కనీసం ఆ మూడో గ్రూపులోనైనా ఒకరు అడ్డుపడాల్సింది.

నాలుగోది ముందు అవతల పెడదాం. మే నెలలో నెల్లూరు ఎండకు కంప్యూటర్ నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. చివరి అంకె ఒక్కటే మార్చి నవ్వుతూ కూర్చోదు.

ఇప్పుడు మొదటిది. రెండు సంఖ్యల్ని ఎటునుంచి కూడినా ఒకటే, కంప్యూటర్‌లో కూడా. నిలవనిది బ్రాకెట్ల సంగతి. `(0.1 + 0.2) + 0.3` కొడితే `0.6000000000000001` వస్తుంది, `0.1 + (0.2 + 0.3)` కొడితే `0.6` వస్తుంది. ప్రతి కూడిక తర్వాతా జవాబును ఉన్న బిట్లలో ఇమిడేలా సవరించాలి గనక, ఏది ముందు కూడామన్నదాన్నిబట్టి ఆ సవరింపు మారుతుంది. ఫైలును ముక్కలు చేయడమంటే బ్రాకెట్లను జరపడమే.

రెండోదాని దగ్గర కాస్త ఆగాలి. రొయ్యల గుంటల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ముప్పై ఎనిమిది ఉన్నాయనుకోండి, ఒక్కోదానికి నిమిషానికో రీడింగు. మోటారు తిరుగుతుంటే 1, ఆగితే 0. ఏడాదికి 1,99,72,800 వరసలు. లెక్క తేలిగ్గా ఉండటానికి అన్నీ ఏడాదంతా తిరిగాయనుకుందాం. ఎవరో చోటు మిగులుతుందని ఆ కాలమ్‌ను `float32`లో, అంటే ఒక్కో సంఖ్యకు 32 బిట్లే ఇచ్చే రకంలో పెట్టారు. అప్పుడు:

```python
import numpy as np
a = np.ones(19_972_800, dtype=np.float32)
print(np.cumsum(a)[-1])            # 16777216.0
parts = [np.cumsum(p)[-1] for p in np.split(a, 4)]
print(np.cumsum(parts)[-1])        # 19972800.0
```

వరసాగ్గా కూడిన టోటల్ 1,67,77,216 దగ్గర మొండికేసింది. `float32`కు 24 బిట్ల నిఖార్సు మాత్రమే ఉంటుంది. ఆ సంఖ్య దాటాక అది పట్టుకోగల తర్వాతి సంఖ్య రెండు ఎక్కువ. ఒకటి కలిపితే సరిగ్గా నడిమధ్య పడుతుంది, నియమం ప్రకారం సరి వైపుకు, అంటే ఉన్నచోటికే వెనక్కి వస్తుంది. ఆ తర్వాత ముప్పై లక్షల పైచిలుకు నిమిషాలు ఒక్కొక్కటిగా వచ్చి కలిసినా టోటల్ కదలదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు.

నాలుగు ముక్కలు చేసినప్పుడు ఒక్కో ముక్క 49,93,200 దగ్గరే ఆగింది. అక్కడ ఒకటి కలిపినా నిలుస్తుంది. చివర్లో పెద్దవాటికి పెద్దవి కలిశాయి కాబట్టి ఏదీ పోలేదు. అంటే మెసేజి "అసలుది" అని నెత్తిన పెట్టుకున్న టోటలే తప్పు, అనుమానించమన్నదే ఒప్పు. ప్రతిసారీ ఇంత గట్టిగా తేలదు గానీ, మామూలుగా ముక్కల టోటలే నిజానికి దగ్గరగా ఉంటుంది. `np.sum` కూడా లోపల ముక్కలుగానే కూడుతుంది, అందుకే పై కోడ్‌లో వరసాగ్గా కూడే `cumsum` వాడాల్సి వచ్చింది.

మూడోది సగం నిజం, ఒప్పుకుంటాను. పై ఉదాహరణలో డబుల్ పెడితే రెండు టోటళ్లూ ఒకటే అవుతాయి. డబుల్ అంటే 64 బిట్ల రకం, అందులోని 53 బిట్ల నిఖార్సు చాలామంది లెక్కలకు చాలు. "పూర్తిగా" అన్న మాటే అబద్ధం: 0.1, 0.2, 0.3 తంతు డబుల్‌లో జరిగినదే.

ఇక అయిదోది. సీడు, మేత బాకీల లెక్కలు రాసే కుర్రాడి మీద దొంగ అనే ముద్ర వేయడానికి ఎవడో ఏసీ గదిలో కూర్చుని కనిపెట్టిన పరీక్ష ఇది. పైసలకు రౌండ్ చేస్తే చిన్న తేడా పోతుందనుకుంటున్నారు. టోటల్ 1234.565 దరిదాపుల్లో ఉందనుకోండి. ఒక రన్‌లో దానికి వెంట్రుకవాసి కింద, ఇంకో రన్‌లో వెంట్రుకవాసి పైన వస్తే, ఒకటి 1234.56, ఇంకొకటి 1234.57. పదమూడో దశాంశంలో ఉన్న తేడాను మీరే పైసా చేశారు. ఆ పైసా ఎవరు తిన్నారని కుర్రాణ్ణి అడుగుతారు! అదే ఫైలు, అదే ప్రోగ్రాము, మళ్లీ రన్ చేస్తే తేడా మాయమైపోవచ్చు కూడా. పనిని ఒకేసారి నడిచే త్రెడ్లకు పంచే ఓపెన్‌ఎంపీలో `reduction` పెడితే, త్రెడ్ల పాక్షిక మొత్తాలు ఏ వరసలో కలుస్తాయో హామీ లేదు. ఏది ముందు ముగిస్తే అది ముందు కలవచ్చు. ఉదయం దొంగ, మధ్యాహ్నం దొర అన్నమాట.

కూడే క్రమంవల్ల వచ్చే తేడాకు హద్దు ఉంది. వరసాగ్గా డబుల్‌లో కూడితే తప్పు, వరసల సంఖ్యను 1.1e-16తో గుణించి, దాన్ని ప్లస్, మైనస్ గుర్తులు తీసేసిన అంకెల మొత్తంతో గుణిస్తే వచ్చేదాన్ని మించదు. రెండు కోట్ల వరసలు, అయిదు వందల కోట్ల రూపాయలు అయితే మహా అయితే పదకొండు రూపాయలు. మామూలుగా అందులో ఆవగింజంత కూడా రాదు. జమ, ఖర్చు రెండూ ఉన్న ఖాతాలో మాత్రం మిగులు చిన్నదైనా గుర్తులు తీసేసిన మొత్తం పెద్దది కాబట్టి, మిగులుతో పోలిస్తే తేడా పెద్దగా కనపడుతుంది. రెండు టోటళ్ల తేడా ఈ హద్దుకు రెండింతలు దాటిందంటే అది కూడిన క్రమం నేరం కాదు. ముక్కల సరిహద్దులో ఒక వరస జారిపోయిందో, రెండుసార్లు పడిందో చూడండి. ముక్కల వరసల లెక్కలన్నీ కలిపి ఫైలు వరసల లెక్కతో పోలిస్తే అది బయటపడుతుంది.

అసలు డబ్బును దశాంశాల్లో కూడటమెందుకు? పైసలుగా మార్చి `int64`లో కూడండి. పూర్ణాంకాలకు బ్రాకెట్లు ఎక్కడ పెట్టినా ఒకటే, తొమ్మిది వందల కోట్ల కోట్ల రూపాయల దాకా చోటుంది. మార్చేటప్పుడు మాత్రం `int(1.15 * 100)` అని రాయకండి, 114 వస్తుంది. `round` వాడండి, లేదా చుక్కకు అటూ ఇటూ ఉన్న అంకెల్ని విడిగా చదవండి.

నీటిలో ఆక్సిజన్ రీడింగుల్లాంటి వాటికి దశాంశాలు తప్పవంటే, ముక్క సైజును త్రెడ్ల సంఖ్యకు కట్టేయకండి. 65,536 వరసలకొక ముక్క అని ఖాయం చేయండి. ఏ త్రెడ్ ఏ ముక్క కూడినా సరే, మొత్తాన్ని ఆ ముక్క నంబరున్న గడిలో పెట్టాలి. అన్నీ అయ్యాక ఒకే త్రెడ్ ఆ గడుల్ని నంబరు వరసలో కూడాలి. నాలుగు త్రెడ్లయినా పదహారయినా చివరి బిట్టు దాకా ఒకే టోటల్ వస్తుంది, ప్రోగ్రాము అదే అయి, కూడే క్రమాన్ని కంపైలర్ మార్చుకోనిచ్చే `-ffast-math`లాంటి ఆప్షన్లు మార్చనంతవరకు.

ఇంత చేశాక కూడా ఫైలు ఎవరో దిద్దారని అనుమానముంటే, పాత కాపీ, కొత్త కాపీ రెండిట్లో ముక్కకొక పైసల టోటల్ తీయండి. కలవని ముక్కను సగానికి చీల్చి మళ్లీ పోల్చండి. 65,536 వరసల ముక్కయితే పదహారు చీలికల్లో మారిన వరస చేతికొస్తుంది. ఒక వరసలో వంద పెంచి అదే ముక్కలో ఇంకో వరసలో వంద తగ్గించినవాణ్ణి మాత్రం టోటల్ పట్టుకోలేదు. దానికి రెండు కాపీలనూ వరస వరసా పోల్చాల్సిందే.