సగటు చాటున పదిహేను నిమిషాలు

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వంటి చోట్ల బల్క్ డ్రగ్ పరిశ్రమలో పనిచేసేవారికి సెంట్రిఫ్యూజ్ అన్‌లోడింగ్ అంటే ఏమిటో వివరించనక్కర లేదు. ద్రవాన్ని వేగంగా తిప్పి వడకట్టే ఆ యంత్రం ఆగాక మూత తెరుస్తారు. లోపల గుడ్డకు అంటుకుని ఉన్న తడి ముద్దను, అంటే వెట్ కేక్‌ను, హెల్పర్ ముందుకు వంగి స్కూప్‌తో తీసి సంచుల్లోకో డ్రమ్ముల్లోకో నింపుతాడు. ఆ ముద్దలో ఇంకా మిగిలి ఉన్న సాల్వెంట్, అంటే రసాయనాలను కరిగించే ద్రవం, ఆవిరై పైకి వచ్చేది సరిగ్గా అతని ముఖం మీదికే. ఈ పని పావుగంటలో అయిపోతుంది. ఒక మనిషి షిఫ్టు మొత్తంలో పీల్చే సాల్వెంట్‌లో పెద్ద వాటా మాత్రం ఇలాంటి నాలుగైదు పావుగంటల్లోనే లోపలికి పోతుంది. గాలిలోని రసాయనాలకు చట్టం పెట్టిన పరిమితులు అతన్ని కాపాడతాయా లేదా అన్నది, ఆ పావుగంటను మనం ఎలా కొలుస్తామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

భోపాల్ దుర్ఘటన తరువాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టానికి 41ఎఫ్ సెక్షన్‌ను, దానికి అనుబంధంగా రెండో షెడ్యూలును చేర్చారు. ఆ షెడ్యూలులో చాలా రసాయనాలకు రెండేసి అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఎనిమిది గంటల భారిత సగటు, అంటే టీడబ్ల్యూఏ: ఏ గాఢతలో ఎంతసేపు ఉన్నాడో ఆ రెండింటినీ గుణించి, అన్నీ కూడి, ఎనిమిదితో భాగిస్తే వచ్చే విలువ. రెండోది స్వల్పకాలిక పరిమితి, వాడుకలో స్టెల్: ఏ పదిహేను నిమిషాల సగటూ దాన్ని మించకూడదు, ఆ స్థాయికి చేరడం రోజుకు నాలుగుసార్లకు మించకూడదు, ఒకదానికీ మరొకదానికీ నడుమ కనీసం గంట విరామం ఉండాలి. అలాంటి సాల్వెంట్లలో ఒకటైన టోలుయీన్‌కు ఆ షెడ్యూలు ఇచ్చిన సగటు పరిమితి 100 పీపీఎం, స్వల్పకాలిక పరిమితి 150 పీపీఎం. పీపీఎం అంటే పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలు.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. ఇది కేవలం ఉదాహరణ. ఎనిమిది గంటల షిఫ్టులో ఒక హెల్పర్ నాలుగుసార్లు, పదిహేనేసి నిమిషాల చొప్పున సెంట్రిఫ్యూజ్ ఖాళీ చేశాడనీ, అప్పుడు అతని ముక్కు దగ్గర గాలిలో 320 పీపీఎం టోలుయీన్ ఉందనీ అనుకుందాం. మిగిలిన ఏడు గంటలూ హాలులో 30 పీపీఎం. ఒక గంటకు 320, ఏడు గంటలకు 210, మొత్తం 530. ఎనిమిదితో భాగిస్తే సుమారు 66 పీపీఎం. సగటు పరిమితి 100 కాబట్టి రిపోర్టులో ‘పరిమితికి లోబడి ఉంది’ అని రాసేస్తారు. అదే మనిషి ఆ రోజు నాలుగుసార్లు స్వల్పకాలిక పరిమితికి రెట్టింపును మించి పీల్చాడన్న సంగతి ఆ 66లో ఎక్కడా కనిపించదు.

స్వల్పకాలిక పరిమితిని విడిగా పెట్టిన కారణమే ఇది. టోలుయీన్ మత్తు కలిగించే సాల్వెంట్. కొద్దిసేపు ఎక్కువగా పీల్చినా తల తిరుగుతుంది, చేతి పట్టు తప్పుతుంది. మండే ఆవిరి, తిరిగే యంత్రం పక్కపక్కనే ఉన్నచోట ఆ మత్తు తలనొప్పితో సరిపోయే వ్యవహారం కాదు. పైగా వాసనకు ముక్కు త్వరగా అలవాటుపడుతుంది కనుక ‘ఇప్పుడు వాసన రావట్లేదు’ అన్న మాటను నమ్మి లాభం లేదు.

చాలాచోట్ల నేను గమనించిన మరో పొరపాటు, మండే వాయువులను చూపే ఎల్ఈఎల్ మీటరును ఆరోగ్యానికి కూడా కొలబద్దగా తీసుకోవడం. టోలుయీన్ గాలిలో దాదాపు 1.1 శాతం, అంటే 11,000 పీపీఎం ఉంటేనే నిప్పంటుకునే స్థితి వస్తుంది. మీటరు సాధారణంగా అందులో పదో వంతు దగ్గర, అంటే సుమారు 1,100 పీపీఎం వద్ద, మోగుతుంది. మన ఉదాహరణలోని 320 పీపీఎం ఆ 11,000లో మూడు శాతం లోపే. మీటరు మౌనంగా ఉందంటే మంటలు రావని అర్థమే తప్ప, ఆ గాలి పీల్చదగినదని కాదు.

మరి ఎలా కొలవాలి? కార్మికుడి నడుముకు చిన్న పంపు, కాలరుకు బొగ్గు నింపిన సన్నని గాజు గొట్టం తగిలిస్తారు. గొట్టం నోరు అతని ముక్కుకు సుమారు 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. పంపు నిమిషానికి 0.2 లీటర్ల గాలి లాగితే పావుగంటలో మూడు లీటర్లు బొగ్గు గుండా పోతుంది. బొగ్గు పట్టుకున్న టోలుయీన్‌ను ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ మీద కొలుస్తారు. గొట్టంలో బొగ్గు రెండు భాగాలుగా ఉంటుంది, వెనక భాగం కాపలా కోసం. ముందు భాగంలో దొరికిన దానిలో పదో వంతును మించి వెనక భాగంలోనూ దొరికితే, ముందు బొగ్గు నిండిపోయి ఆవిరి దాటిపోయిందని అర్థం. అసలు గాఢత చూపిన దానికంటే ఎక్కువే ఉండవచ్చు కాబట్టి ఆ నమూనాను లెక్కలోకి తీసుకోకూడదు. ఇదే పంపును ఓ మూల స్టాండుకు కట్టి పెడితే వచ్చేది హాలు గాలి కొలత, మన ఉదాహరణలోని 30. వంగి పని చేసే మనిషి పీల్చేది అది కాదు. గొట్టం ఎక్కడ పెట్టారో, నమూనా మొదలైన, ముగిసిన వేళలేమిటో రిపోర్టులో లేకపోతే, ఆ వేళలను బ్యాచ్ రికార్డులోని అన్‌లోడింగ్ వేళలతో పోల్చి చూడలేం. కొలత జరిగిన రోజు అన్‌లోడింగ్ తరువాతి షిఫ్టుకు మారిందా లేదా అన్నది అలా పోల్చినప్పుడే తేలుతుంది.

షిఫ్టు పొడవు పెరిగితే చిక్కు ఇంకా ముదురుతుంది. పన్నెండు గంటల షిఫ్టులో అదే హెల్పర్ ఆరుసార్లు అన్‌లోడింగ్ చేశాడనుకుందాం. గంటన్నరకు 480, పదిన్నర గంటలకు 315, మొత్తం 795. ఎనిమిదికి బదులు షిఫ్టు గంటలైన పన్నెండుతో భాగిస్తే మళ్లీ అదే 66. కాగితం మీద ఏమీ మారలేదు గానీ ఒంట్లోకి పోయింది ఒకటిన్నర రెట్లయింది, అది బయటికి పోవడానికి దొరికే విరామం పదహారు గంటల నుంచి పన్నెండుకు తగ్గింది. 1975లో బ్రీఫ్, స్కాలా అనే ఇద్దరు నిపుణులు సూచించిన సవరణ ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకుంటుంది: పరిమితిని పని గంటల నిష్పత్తితో, అంటే ఎనిమిది బై పన్నెండుతో, విరామ గంటల నిష్పత్తితో, అంటే పన్నెండు బై పదహారుతో గుణించాలి. ఫలితం సరిగ్గా సగం. 100 కాస్తా 50 అవుతుంది, నిన్నటి వరకు భేషుగ్గా కనిపించిన 66 పరిమితి దాటిపోతుంది. నలభై గంటల వారానికి లెక్కగట్టిన అమెరికన్ విలువలను పోలిన అంకెలను మనం నలభై ఎనిమిది గంటల వారానికి వాడుతున్నామన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

అసలు ఆ 100 కూడా శిలాశాసనమేమీ కాదు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఓషా చట్టబద్ధ పరిమితి ఇప్పటికీ 200 పీపీఎం. అది 1971లో స్వీకరించిన పాత పట్టికలోనిది. వందలాది విలువలను తగ్గిస్తూ 1989లో చేసిన మార్పును 1992లో అక్కడి అప్పీలు కోర్టు కొట్టేసింది. యూరప్ సూచించిన విలువ 50. మన షెడ్యూలు విలువలు ఏ నిపుణుల సంఘం పాత పట్టికను పోలి ఉన్నాయో, ఆ ఏసీజీఐహెచ్ సంస్థే తన సగటు విలువను చాలా ఏళ్ల క్రితం 20కి దించింది. తన అంకెలు భద్రతకూ ప్రమాదానికీ మధ్య గీసిన గీత కావని కూడా అది స్పష్టంగానే చెబుతుంది.

2020 నాటి వృత్తిపరమైన భద్రత కోడ్ ఈ పరిమితులను నిర్ణయించే పనిని రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించింది. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ నియమాల్లో పాత పట్టికను యథాతథంగా ఎత్తి రాయకూడదని నా అభిప్రాయం. అంకెలను తగ్గించడానికి పరిశ్రమ నుంచి అభ్యంతరాలు వస్తాయి, సమయం పడుతుంది. ఈలోగా చేయగలిగినవి రెండున్నాయి: అన్‌లోడింగ్ వంటి పనులకు పావుగంట నమూనాను కార్మికుడి కాలరు దగ్గరే, విడిగా తీయాలని రాయడం, ఎనిమిది గంటలు దాటిన షిఫ్టుకు పరిమితిని తగ్గించి చూడాలని రాయడం. ఆ రెండు వాక్యాలు ఉంటే, మన ఉదాహరణలోని హెల్పర్ పేరు ఎదుట రిపోర్టులో 66 పక్కనే 320 కూడా కనిపిస్తుంది.