రంధ్రం పోగా మిగిలినదే బలం అంటే సరిపోదు

"అందరికీ పంపండి! 1. ప్లేటులో రంధ్రం ఎంత వెడల్పో అంత బలమే పోతుంది: 100 మి.మీ. ప్లేటుకి 20 మి.మీ. రంధ్రం పెడితే 20 శాతం, 2 మి.మీ. పెడితే 2 శాతం, అసలు లెక్కే కాదు. 2. రంధ్రం అంచున మూడు రెట్ల స్ట్రెస్ అనేది పుస్తకాల మాట, అదే నిజమైతే ప్రతి ప్లేటూ ఎప్పుడో తెగిపోవాలి. 3. సాఫ్ట్‌వేర్‌లో చేసి చూశా, రెండు కూడా రాలేదు. 4. లోడు ఊగుతున్నా రంధ్రం పోగా మిగిలిన నెట్ సెక్షన్ చూసుకుంటే చాలు."

ఈ వారంలో ఇది నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్ళందరూ ఇంజనీర్లే.

మూడోదాన్ని ముందు వదిలించుకుందాం. రంధ్రం అంచున మూడు రెట్లున్న స్ట్రెస్, 10 మి.మీ. వ్యాసార్ధమున్న రంధ్రానికి, అంచు నుంచి కేవలం 2.5 మి.మీ. లోపలికి వెళ్ళేసరికి 1.93 రెట్లకు పడిపోతుంది. సాఫ్ట్‌వేర్ ప్లేటుని విడగొట్టే ముక్కలు, అంటే ఎలిమెంట్లు, అంచున 5 మి.మీ.వి పెట్టి ఆ ముక్క మధ్య విలువ చదివితే రెండు ఎలా వస్తుంది? ఆ ముక్కల మెష్ సన్నం చేసి మళ్ళీ నడపండి, అంకె పెరుగుతూ పోయి ఒకచోట ఆగుతుంది. ఆగినచోట చదవండి.

రెండోదాంట్లో, ఒప్పుకోక తప్పదు, సగం నిజముంది. 100 వెడల్పు, 10 మందం, మధ్యలో 20 మి.మీ. రంధ్రం, మెత్తని స్టీలు, శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్, అంటే యీల్డ్, 250 మెగాపాస్కల్. 100 కిలోన్యూటన్లతో లాగితే పూర్తి వెడల్పు మీద స్ట్రెస్ 100, నెట్ సెక్షన్ మీద 125. నెట్ స్ట్రెస్‌ని గుణించాల్సిన గుణకం K = 2 + (1 − d/W)³; ఇందులో d రంధ్రం వ్యాసం, W ప్లేటు వెడల్పు. అంటే 2 + 0.512 = 2.51. అంచున 314 వస్తుంది. (కొందరు 125ని మూడుతో గుణించి 375 అంటారు. మూడు అనేది 1898లో కిర్ష్ అంతులేని వెడల్పున్న ప్లేటుకి తేల్చిన అంకె, గుణించాల్సింది పూర్తి వెడల్పు స్ట్రెస్‌ని.) 314 అంటే యీల్డ్ దాటిపోయింది. అయినా ప్లేటు తెగదు. అంచులో చిన్న ముక్క సాగి, తన భారాన్ని పక్కవాటికి అప్పజెప్పేస్తుంది. 80 కిలోన్యూటన్ల దగ్గర అంచు సాగడం మొదలైనా, నెట్ సెక్షన్ మొత్తం యీల్డ్ కావాలంటే 200 కావాలి. ఒక్కసారి నెమ్మదిగా పడి అలాగే ఉండిపోయే లోడుకి నెట్ సెక్షన్ లెక్కే సరైనది. కానీ ఇది సాగే లోహానికే. అద్దానికో అక్రిలిక్ షీటుకో సాగే ఓపిక లేదు, అక్కడ అంచు మీది గరిష్ఠ స్ట్రెస్సే రాజు.

ఇక నాలుగోది. దీన్ని రాసినవాళ్ళు ఊగే లోడు మీద ఎప్పుడూ పని చేసి ఉండరనుకోవడమే వాళ్ళకి మర్యాద. అదే ప్లేటు మీద లోడు 0 నుంచి 100 మధ్య ఊగుతోందనుకోండి. నెట్ సెక్షన్ లెక్కలో సగటు 62.5, దానికి అటూ ఇటూ ఊపు కూడా 62.5. ఈ స్టీలు తెగే స్ట్రెస్ 410, అందులో సగం 205 నున్నటి నమూనా ఓర్చే ఊపు. డ్రిల్ గీతలకి పావు తీసేస్తే సుమారు 155. ఊపునీ సగటునీ కలిపి చూసే, ఒకటి దాటకూడదనే గుడ్‌మన్ సూత్రం ప్రకారం 62.5/155 + 62.5/410 = 0.56. ఒకటికి ఎంతో తక్కువ, హాయిగా నిద్రపోవచ్చు.

ఇప్పుడు అంచు దగ్గర చూడండి. మొదటి లాగుడులోనే యీల్డై స్ట్రెస్ గరిష్ఠం 250 దగ్గర ఆగుతుంది. లోడు తీసేస్తే 314 దిగి −64 అవుతుంది. ఆ తర్వాత ప్రతిసారీ ఈ రెండింటి మధ్యే ఊగుతుంది: ఊపు 157, సగటు 93. 157/155 + 93/410 = 1.24. కొంతకాలానికి పగులు ఖాయం. ఒకే ప్లేటు, ఒకే లోడు. ఒక లెక్క నిద్రపొమ్మంటోంది, రెండోది అరుస్తోంది. సాగి భారం పంచుకోవడం ఇక్కడ ఆదుకోదు. అది గరిష్ఠాన్ని తగ్గిస్తుందే తప్ప ఊపుని కాదు.

అందుకే మొదటి మాటలోని 2 శాతం కూడా ఇక్కడ నిలబడదు. 2 మి.మీ. రంధ్రానికి గుణకం 2.94. నిజమే, అంత చిన్న రంధ్రానికి ఫెటీగ్, అంటే ఊగే లోడు తెచ్చే అలసట, పూర్తిగా స్పందించదు, మెత్తని స్టీలులో అది సుమారు 2.55గా పనిచేస్తుంది. నెట్ స్ట్రెస్ 102ని దాంతో గుణిస్తే 260. 20 మి.మీ. రంధ్రానికీ ఇలాగే ఫెటీగ్ లెక్క వేస్తే 314 కాస్తా 309 అవుతుంది. రంధ్రం పదో వంతైతే, దెబ్బ 309 నుంచి 260కి తగ్గింది, అంతే. ఒక నేమ్‌ప్లేటు బిగించడానికి పెట్టిన రంధ్రం ఇది.

పగులు కోసం రంధ్రం చుట్టూ గాలించక్కర్లేదు. లాగే దిశకి అడ్డంగా ఉన్న రెండు అంచుల్లో చూడండి. లాగే దిశలో ఉన్న రెండు అంచులూ నొక్కుడులోనే ఉంటాయి. డ్రిల్ చేశాక అంచుల మీది బర్ తీసి, రీమర్ తిప్పి, లోపలి గోడని ఎర్ర డైతో పరీక్షించండి. పంచ్‌తో పొడిచిన రంధ్రమైతే ముందు చుట్టూ కొంత కోసి పెద్దది చేయాలి, ఆ చిరిగిన అంచులో పగులు పుట్టే చోట్లు అప్పటికే తయారుగా ఉంటాయి.