అసలు ముందు, వడ్డీ తర్వాత: స్టాఫ్ లోన్ తీసుకున్నవాళ్ల మీద పడుతున్న అన్యాయమైన పన్ను

బ్యాంకు ఉద్యోగుల హౌసింగ్ లోన్ల మీద పెర్క్విజిట్ పన్ను, అంటే యజమాని ఇచ్చే రాయితీని జీతంగా లెక్కగట్టి వేసే పన్ను, గురించి ఎక్కడ మాటొచ్చినా చర్చ ఎస్‌బీఐ రేటు దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. "మా బ్యాంకు రేటు ఉండగా ఎస్‌బీఐ రేటుతో పోల్చడం ఏమిటి?" అన్నదే అందరి బాధ. ఆ బాధ నాకూ అర్థమవుతుంది. కానీ మన జేబుకు పెద్ద చిల్లు పడుతున్నది అక్కడ కాదు. దాని గురించి యూనియన్ మీటింగుల్లో ఎవరూ గట్టిగా అడగడం లేదు. అందుకే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాను.

ముందు నిబంధన ఏమంటుందో చూద్దాం. యజమాని ఉద్యోగికి గానీ, అతని ఇంట్లోవాళ్లకు గానీ వడ్డీ లేకుండా లేదా తక్కువ వడ్డీకి అప్పు ఇస్తే, అలా ఆదా అయిన వడ్డీని జీతంలో భాగంగా లెక్కగట్టాలి. 2025-26 దాకా నడిచిన 1962 ఆదాయపన్ను నిబంధనల్లో 3(7)(i) చెప్పేది ఇదే. ఆ ఆర్థిక సంవత్సరం మొదటి రోజున, అంటే ఏప్రిల్ 1న, అదే అవసరానికి ఇచ్చే లోన్ మీద ఎస్‌బీఐ వసూలు చేస్తున్న రేటు తీసుకుంటారు. ప్రతి నెలా చివరి రోజున మన పేరు మీద ఎంత బాకీ ఉందో దానికి ఆ రేటు చొప్పున వడ్డీ లెక్కగడతారు. పన్నెండు నెలలూ కూడి, అందులోంచి ఉద్యోగి వాస్తవంగా కట్టిన వడ్డీ తీసేస్తారు. మిగిలిందే పెర్క్విజిట్. 2025-26 దాకా మొత్తం అప్పులు కలిపి రూ.20,000 దాటకపోతే ఈ లెక్క ఉండేది కాదు. నిబంధనల్లో పేర్కొన్న జబ్బుల వైద్యానికి తీసుకున్న అప్పుకూ ఉండదు, ఇన్సూరెన్స్ నుంచి తిరిగి వచ్చిన మేరకు తప్ప.

ఎస్‌బీఐ రేటు సంగతి సుప్రీంకోర్టు 2024 మే 7న తేల్చేసింది. బ్యాంకు ఆఫీసర్ల సమాఖ్య వేసిన కేసులో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా ధర్మాసనం ఈ నిబంధన రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. అందరికీ ఒకే కొలమానం ఉంటే స్పష్టత ఉంటుంది, ఒక్కో బ్యాంకు రేటు పట్టుకుని వివాదాలు పెరగవు అన్నది ఆ తీర్పు సారం. నచ్చినా నచ్చకపోయినా ఆ వాదన అయిపోయింది. నిజానికి ఏప్రిల్ 1 రేటును ఏడాదంతా పట్టుకోవడంలో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. 2022 ఏప్రిల్ 1న, హౌసింగ్ లోన్ల రేట్లను నడిపించే ఆర్‌బీఐ రెపో రేటు 4 శాతం ఉంటే 2023 ఫిబ్రవరికి 6.5కు చేరింది. ఆ ఏడు పాత తక్కువ రేటుతో లెక్క వేయడం వల్ల మనకే మేలు జరిగింది. 2025-26లో తిరగబడింది. ఏప్రిల్ 1న 6.25 ఉన్న రెపో డిసెంబరుకల్లా 5.25కు దిగింది. బయట లోన్ తీసుకున్నవాళ్ల ఈఎంఐలు తగ్గుతూ వచ్చాయి, మన పెర్క్విజిట్ లెక్క మాత్రం ఏప్రిల్ దగ్గరే ఉండిపోయింది. ఒక ఏడు ఇటు, ఒక ఏడు అటు. దీని మీద నాకు పెద్ద పేచీ లేదు.

నా పేచీ "వాస్తవంగా కట్టిన వడ్డీ" అన్న షరతు మీద.

బయట ఈఎంఐ కట్టేవాళ్లు ప్రతి నెలా కొంత అసలు, కొంత వడ్డీ కడతారు. చాలా స్టాఫ్ హౌసింగ్ లోన్లు అలా ఉండవు. నెలనెలా సాధారణ వడ్డీ లెక్కగట్టి పక్కన రాసి పెడతారు. జీతంలోంచి కోసేదంతా ముందు అసలుకే పోతుంది. అసలు తీరాక, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాక, ఆ పోగుపడిన వడ్డీ వసూలు మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల హౌస్ బిల్డింగ్ అడ్వాన్సుదీ ఇదే తీరు: ముందు 180 నెలలు అసలు, తర్వాత 60 నెలలు వడ్డీ. ఉద్యోగికి మేలు చేయడానికి పెట్టిన పద్ధతి ఇది. అసలు ముందే తగ్గుతుంది కాబట్టి మొత్తం మీద కట్టే వడ్డీ తక్కువ.

ఇప్పుడు నిబంధనను అక్షరాలా పెట్టి చూడండి. అసలు కడుతున్న ఇన్నేళ్లూ ఉద్యోగి వాస్తవంగా కట్టిన వడ్డీ సున్నా. కాబట్టి ఎస్‌బీఐ రేటు చొప్పున వచ్చే వడ్డీ మొత్తం, ఒక్క రూపాయి తగ్గకుండా, జీతంలో కలుస్తుంది. వడ్డీ మాఫీ కాలేదు, బాకీగా రాసి ఉంది, రేపు కట్టి తీరాల్సిందే. అయినా పన్ను మాత్రం వడ్డీ లేని అప్పు తీసుకున్నట్టే పడుతుంది.

ఒక లెక్క వేసి చూపిస్తాను. 2025-26 సంవత్సరానికి, కొత్త పన్ను విధానంలో ఉన్న ఒక ఉద్యోగిని అనుకోండి. స్టాండర్డ్ డిడక్షన్ పోను, పెర్క్విజిట్ కలపకముందు ఆమె పన్ను విధించదగ్గ ఆదాయం రూ.11,50,000. ఏప్రిల్ నెలాఖరుకు హౌసింగ్ లోన్ బాకీ రూ.24,00,000. నెలకు రూ.10,000 అసలు కోస్తారు, కాబట్టి మార్చి నెలాఖరుకు బాకీ రూ.22,90,000. పన్నెండు నెలాఖరు బాకీలూ కూడితే రూ.2,81,40,000. ఎస్‌బీఐ రేటు లెక్క సులువు కోసం 8.4 శాతం అనుకుందాం (మీరు వేసుకునేటప్పుడు ఏప్రిల్ 1 నాటి వాస్తవ రేటు పెట్టుకోండి), అంటే నెలకు 0.7. వచ్చే వడ్డీ రూ.1,96,980. స్టాఫ్ రేటు 6 శాతం అనుకుంటే ఆమె మీద ఆ ఏడు పడిన వడ్డీ రూ.1,40,700.

తక్కువ వడ్డీ వల్ల ఆమెకు నిజంగా కలిగిన లాభం ఈ రెండింటి తేడా, రూ.56,280. దాని మీద పన్ను వేస్తే ఎవరూ కాదనరు. అప్పుడు ఆదాయం రూ.12,06,280 అవుతుంది. పన్నే లేకుండా చేసే రూ.12 లక్షల రిబేటు పరిమితిని కొద్దిగానే దాటింది కాబట్టి, పన్ను ఆ దాటిన మొత్తాన్ని మించకుండా మార్జినల్ రిలీఫ్ వస్తుంది. దాటిన రూ.6,280, దాని మీద సెస్సు, మొత్తం దాదాపు రూ.6,530 కడితే సరిపోతుంది.

కట్టిన వడ్డీ సున్నా అని రాస్తే ఏమవుతుందో చూడండి. పెర్క్విజిట్ రూ.1,96,980. ఆదాయం రూ.13,46,980. రిబేటు పోయింది, మార్జినల్ రిలీఫ్ కూడా అందదు. పన్ను, సెస్సు కలిపి దాదాపు రూ.85,330. లాభం రూ.56 వేలు, దాని మీద పన్ను రూ.85 వేలు! వచ్చిన లాభం కంటే కట్టే పన్ను ఎక్కువ. ఆ పెర్క్విజిట్ లేకపోతే ఆమె పన్నే కట్టక్కర్లేదు.

పోనీ, తర్వాత వడ్డీ కట్టే ఏళ్లలో ఇది తిరిగొస్తుందా అంటే రాదు. అప్పటికి అసలు తీరిపోయి ఉంటుంది, ఎస్‌బీఐ రేటుతో లెక్కగట్టడానికి అసలు బాకీయే ఉండదు. పెర్క్విజిట్ సున్నా కంటే కిందికి పోదు. అప్పుడు ఆమె కట్టే లక్షల వడ్డీ ఏ పాత సంవత్సరపు లెక్కలోంచీ తగ్గదు. ముందు కట్టేసిన పన్ను పోయినట్టే.

నేను పనిచేసిన చోట అకౌంట్స్ సెక్షన్‌లో ఇదే అడిగితే "రూల్‌లో యాక్చువల్లీ పెయిడ్ అని ఉంది సార్, మేమేం చేస్తాం" అన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. టీడీఎస్ తక్కువ కోస్తే రేపు వడ్డీ, పెనాల్టీ పడేది యజమాని మీద, కాబట్టి భద్రంగా ఉన్న దారే చూసుకుంటారు. తప్పు నిబంధన రాసిన తీరులో ఉంది. ఇంటి లోన్ వడ్డీకి సెక్షన్ 24(బి) కింద మినహాయింపు ఇచ్చేటప్పుడు ఇదే చట్టం "చెల్లించవలసిన" వడ్డీని ఒప్పుకుంటుంది, చేతినుంచి డబ్బు వెళ్లిందా లేదా అని చూడదు. అదే లోన్, అదే వడ్డీ, పెర్క్విజిట్ దగ్గరికొచ్చేసరికి లెక్కలోకి రాదా? నిబంధనలో "కట్టిన" అన్నచోట "కట్టిన లేదా కట్టవలసిన" అని చేరిస్తే చాలు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు, అంటే సీబీడీటీ, చేయగలిగిన మార్పు ఇది. ఖజానాకు న్యాయంగా రావాల్సింది ఏమీ తగ్గదు. రేటు మీద ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడిన సంఘాలు ఈ ఒక్క మాట కోసం ఎందుకు వినతిపత్రం ఇవ్వవు అన్నదే నా కోపం.

నిబంధన మారేదాకా ఒక దారి ఉంది, కానీ దానికి మీ లోన్ స్కీము ఒప్పుకోవాలి. ఏడాదిలో పడిన వడ్డీని మార్చి 31 లోపు విడిగా కట్టేయడం. పైన చెప్పిన ఉదాహరణలో రూ.1,40,700 కడితే ఆదా అయ్యే పన్ను దాదాపు రూ.78,800. ఎలాగూ ఎప్పుడో కట్టాల్సిన వడ్డీయే అది. అయితే ఊరికే ఖాతాలో డబ్బు వేస్తే సిస్టమ్ దాన్ని అసలుకే జమ చేసుకుంటుంది. ముందుగా రాతపూర్వకంగా అడిగి వడ్డీ పద్దులోకే జమ అయ్యేలా చూసుకోవాలి, స్టేట్‌మెంట్‌లో అలా పడిందో లేదో కళ్లతో చూడాలి, ఆ కాపీ అకౌంట్స్ సెక్షన్‌కు మార్చి జీతం బిల్లు తయారయ్యేలోపే ఇవ్వాలి.

బాకీ మీద వేసే లెక్కలోనూ తప్పులు దొర్లుతుంటాయి. పెర్క్విజిట్ల వివరాలతో యజమాని ఇచ్చే ఫారం 12బీఏలో వడ్డీ రహిత, రాయితీ రుణాలకు విడిగా ఒక వరుస ఉంటుంది. అందులోని అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి, దాని వెనకాల లెక్క కాగితం అడగండి. పన్నెండు నెలాఖరు బాకీలు విడివిడిగా ఉండాలి. పైన చెప్పిన లోన్‌కే ఏప్రిల్ బాకీని పన్నెండుతో గుణించి పెడితే పెర్క్విజిట్ రూ.4,620 పెరిగిపోతుంది. హౌసింగ్ లోన్‌కు ఎస్‌బీఐ హౌసింగ్ రేటే వేశారా, పొరపాటున పర్సనల్ లోన్ రేటు పెట్టారా అన్నది కూడా చూడండి, ఈ రెండు రేట్లకూ చాలా తేడా ఉంటుంది. పండగ అడ్వాన్సు వడ్డీ లేకుండా తీసుకుని వాయిదాల్లో తీరుస్తుంటే అదీ ఈ లెక్కలోకి వస్తుంది. 2025-26 లెక్కలో అప్పులన్నీ కలిపి రూ.20,000 దాటితే దాటిన మేరకే కాదు, మొత్తం మీద లెక్క కడతారు.

ప్లాటు అమ్మిన డబ్బో, పీఎఫ్ డబ్బో వచ్చి లోన్‌లో పెద్ద మొత్తం కట్టేవాళ్లు తేదీ చూసుకుని కట్టండి. 28వ తేదీన కడితే ఆ నెల నుంచే బాకీ తగ్గుతుంది. వచ్చే నెల 2న కడితే ఈ నెల మొత్తానికీ పాత బాకీ మీదే వడ్డీ లెక్కగట్టి మీ జీతంలో కలుపుతారు.

ఇదంతా 2025-26 లెక్క, 1961 చట్టం కిందిది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చింది కాబట్టి ఆ తర్వాతి సంవత్సరాలకు పరిమితులు, నిబంధన నంబర్లు కొత్త రూల్స్‌లో చూసుకోండి. మీ సంఘం నాయకులకు ఈ పోస్టు పంపేటప్పుడు మీ సొంత 12బీఏలోని అంకె, మీ లోన్ మీద ఆ ఏడు పడిన వడ్డీ పక్కపక్కన రాసి పంపండి. అలాంటి లెక్కలు వందల్లో చేరితే సీబీడీటీకి ఇచ్చే వినతిపత్రానికి జతచేయవచ్చు.