ఒత్తులు ఎగ్గొట్టినవాడి ఈమెయిలు

రిటైరైన తెలుగు మాస్టార్లకు పాత శిష్యులు ముందస్తు అనుమతి లేకుండా ఈమెయిళ్లు పంపకుండా ప్రభుత్వం వెంటనే ఒక జీవో తేవాలని వినయంగా కోరుతున్నాను. మా నల్లకుంటలో, పైవాటా మాస్టారికి జరిగింది చూశాకే ఈ డిమాండు.

ముప్పయ్యారేళ్ల కిందట ఆయన దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు గచ్చిబౌలి నుంచి మెయిలు కొట్టాడు. ఒకే ఊళ్లో ఉంటూ మనిషి ఎందుకు రాలేదో ఆ ట్రాఫిక్‌కే తెలియాలి. ‘మాస్టారూ, మీ పూర్వ విధ్యార్థిని. మీ ఆశీస్సులు వల్ల బాగున్నాను. ధన్యవాధాలు.’

మాస్టారు దాన్ని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకున్నారు. ‘ఆశీస్సులు వల్ల’ దగ్గర పెన్ను ఆగింది. ‘వల్ల’ పక్కన చేరితే ‘లు’ కాస్తా ‘ల’ అయిపోవాలి, ‘ఆశీస్సుల వల్ల’ అనాలి. దీన్నాయన ఎలాగో క్షమించారు. తర్వాతే అసలు టెన్షన్ మొదలైంది.

“వీడు వాడు కాదండీ” అన్నారు గొంతు తగ్గించి. “వాడు జన్మలో ఒత్తు పెట్టలేదు. ధర్మాన్ని ‘దర్మం’ అనీ, భయాన్ని ‘బయం’ అనీ రాసేవాడు. వీడేమో అక్కర్లేని చోట కూడా పెట్టాడు. 1930కి ఫోన్ చేయనా?”

సైబర్ పోలీసుల దాకా పోనివ్వకుండా నేనే అడ్డుపడ్డాను. తప్పు కుర్రాడిది కాదు, కీబోర్డుది. మనం గీతను Geetha అని, విద్యను Vidhya అని ‘హెచ్’ తగిలించి రాయడం అలవాటు చేసుకున్నాం. అదే అలవాటుతో vidhyarthi అని కొడితే, ఉచ్చారణను బట్టి అక్షరమిచ్చే కీబోర్డు ఆ ‘హెచ్’ను నిజమని నమ్మి ‘ధ’ ఇచ్చేస్తుంది. చిన్నప్పుడు ఎగ్గొట్టిన ఒత్తులన్నీ వాడు వడ్డీతో సహా తీర్చేస్తున్నాడన్నమాట.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “అయితే వాడే” అన్నారు.

జవాబుకు నాలుగు రోజులు పట్టింది. మనవడి ఫోన్లో ఒంటివేలితో, ఒక్కో తప్పూ ఎందుకు తప్పో విడమరిచి రాసి, చివర్లో ‘తిట్టానని భాధపడకు’ అని ముగించి పంపేశారు. పంపిన మెయిలు వెనక్కి లాక్కోవడానికి జీమెయిల్ ఇచ్చే గడువు, ఎంత పెంచుకున్నా 30 సెకన్లు. మాస్టారు మళ్లీ చదువుకున్నది మర్నాడు పొద్దున కాఫీ వేళకి.

అప్పటికే జవాబు వచ్చి ఉంది. ‘మాస్టారూ, ఎనిమిదిలో నేను ‘బాద’ అని ఒక ఒత్తు తగ్గిస్తే అర మార్కు కోశారు. మీరిప్పుడు ఒకటి ఎక్కువ పెట్టారు. ఆ ఒత్తు నాదే అనుకోమంటారా?’

మాస్టారు రెండో జవాబు రాస్తున్నారు. ఈసారి నాకు చూపించాకే పంపుతారట.